చూడవచ్చినవాళ్ల దీవెన

పక్క సెక్షన్‌లో పనిచేసే మనిషి బిడ్డ పెండ్లి. పత్రిక చేతికి వచ్చింది. పెండ్లికూతురిని ఎన్నడూ చూసింది లేదు, పెండ్లికొడుకు పేరు ఆ పత్రికలోనే మొదటిసారి కనబడింది. వికారాబాద్ కలెక్టరేట్‌లోనైనా, తాండూరు సిమెంటు ఫ్యాక్టరీలోనైనా, ఏ బడి స్టాఫ్‌రూములోనైనా ఇలాంటప్పుడు రాసేది ఇంచుమించు ఒకటే: నూతన వధూవరులకు వివాహ శుభాకాంక్షలు, నిండు నూరేళ్లు సుఖసంతోషాలతో వర్ధిల్లాలి. కట్నం పెట్టిన కవరు మీద రాసినా, ఫోన్‌లో పంపినా ఇంతే. ఈ వాక్యాన్ని చులకన చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. పేరు లేదు, ఊరు లేదు, ఏ జంటకైనా సరిపోతుంది కనుక ఇందులో మనసు లేదంటారు. తీరిక లేని కాలంలో, ఉద్యోగాల హడావుడిలో పుట్టిన మొక్కుబడి అంటారు. దీని పుట్టుపూర్వోత్తరాలు వెతికితే మాత్రం ఈ మాట నిలబడదు. పెండ్లివాళ్లను ఎరగని మనిషి చెప్పే పొట్టి దీవెన మన పెండ్లి తంతులో చాలా పాతది. దగ్గరివాళ్ల దీవెనను కత్తిరించి తయారు చేసింది కాదు. తెలియనివాళ్ల నోట పలికించడానికే మొదటినుంచీ వేరుగా ఏర్పడ్డది.

దీనికి అన్నిటికన్నా పాత సాక్ష్యం ఋగ్వేదంలో ఉంది. పదో మండలంలోని 85వ సూక్తం సూర్యుడి కూతురు సూర్య పెండ్లిని గురించినది. మన పెండ్లి మంత్రాలు చాలావరకు అక్కడినుంచి వచ్చినవే. అందులో 33వ మంత్రం పెండ్లికూతురిని ఉద్దేశించింది కాదు, చుట్టూ చేరిన జనాన్ని ఉద్దేశించింది. ఈ వధువు శుభలక్షణాలు కలది, అందరూ వచ్చి ఈమెను చూడండి, ఈమెకు సౌభాగ్యం కలగాలని దీవించి మీ మీ ఇళ్లకు వెళ్లండి అని దాని భావం. రావడం, చూడడం, దీవించడం, వెళ్లిపోవడం. వచ్చినవాళ్లను ఇంతకు మించి ఏమీ అడగలేదు. ఆశ్వలాయన గృహ్యసూత్రం ఈ మంత్రాన్ని ఎప్పుడు పలకాలో కూడా చెప్పింది. కొత్త జంట అత్తవారింటికి పోతూ దారిలో మజిలీ చేసిన చోటల్లా, చూడడానికి గుమిగూడిన వాళ్ల వైపు చూస్తూ ఈ మంత్రం చెప్పాలట. దారి పక్క ఊరివాళ్లకు ఆ పిల్ల ఎవరో తెలియదు, ఏ ఇంటికి పోతున్నదో తెలియదు. అయినా వాళ్లను దాటి ఊరకే పోకూడదు, వాళ్ల నోట ఒక మంచి మాట అడిగి పుచ్చుకునే పోవాలి. తెలియనివాళ్ల కన్ను పడి కీడు జరుగుతుందేమోనన్న జంకు కూడా దీని వెనుక ఉండి ఉంటుందని నాకు అనిపిస్తుంది. చూసే కంటిని దీవించే నోరుగా మార్చుకోవడం అందుకు మంచి విరుగుడు. ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. అదే సూక్తంలో 45వ మంత్రం ఈమెకు పదిమంది కొడుకులు కలగాలని ఇంద్రుణ్ణి కోరుతుంది. అంత వివరంగా కోరే పని దేవుడితో మాట్లాడే చోటనే ఉంది. దారి పక్కవాళ్లను సంతానం గురించి మాట్లాడమని అడగలేదు, సౌభాగ్యం ఒక్కటే అడిగారు. ఎరగనివాడు ఎంతవరకు మాట్లాడవచ్చో ఆ హద్దు అప్పుడే గీసి పెట్టారన్నమాట.

మంత్రం సంస్కృతంలోది, పురోహితుడు చదివేది, దాన్ని ఆఫీసు కవరు దాకా లాగడం సబబేనా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. వేదం చదవనివాళ్ల పెండ్లిళ్లలో సైతం ఈ ఏర్పాటు ఉందా లేదా చూస్తే జవాబు దొరుకుతుంది. మామూలు తెలుగు పెండ్లి పత్రికనే చేతిలోకి తీసుకుందాం. వరుడి పేరు ముందు 'చి.' అని, వధువు పేరు ముందు 'చి.ల.సౌ.' అని ఉంటుంది. చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. అంటే పత్రిక విప్పి పేర్లు చదివేసరికే, వాళ్లెవరో తెలియకపోయినా, నిండు ఆయుష్షు, సౌభాగ్యం కలగాలన్న దీవెన మన నోట వచ్చేసింది. కింద పిలుపు వాక్యం ఇంకా సూటిగా ఉంటుంది: సకుటుంబంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించి మా ఆతిథ్యం స్వీకరింప ప్రార్థన అని. మేనమామకూ అదే పత్రిక, పక్క సెక్షన్ మనిషికీ అదే పత్రిక. వధూవరులతో మీకెంత పరిచయమని అది ఎవరినీ అడగదు. ఇక పందిట్లో తట్టలు పట్టుకొని అక్షింతలు పంచేవాళ్లు చుట్టరికం విచారించరు, చెయ్యి చాపినవాళ్లందరికీ చిటికెడు పోసి ముందుకు పోతారు. బాజాలు జోరందుకోగానే ముందు వరసవాళ్లు జంట తల మీద వేస్తే, వెనక వరసవాళ్లు కూర్చున్న చోటునుంచే విసురుతారు. వెనకనుంచి విసిరిన గింజలు చాలావరకు వధూవరుల దాకా చేరవు. అంతమాత్రాన అవి లెక్కలోకి రావని ఏ ఇంటి పెద్దా అనడు.

దగ్గరివాళ్ల దీవెనకు వేరే రూపాలు ఉండనే ఉన్నాయి. స్నేహితులు, గురువులు సీసాలు, కందాలు కట్టి వధూవరుల పేర్లు, వంశాల పేర్లు అందులో ఇమిడ్చి అచ్చు వేయించి పందిట్లో పంచేవారు. ఉర్దూలో ఇటువంటిదే సెహ్రా. పెండ్లికొడుకు మీద కవిత కట్టి నిండు సభలో చదవడం హైదరాబాద్ రాజ్యంలో మర్యాదగా నడిచింది. ఇవి రాయాలంటే ఇంటి సంగతులు తెలియాలి. తెలియనివాడు వీటిని అనుకరించబోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు: ఇంటిపేరు తప్పుతుంది, పోయిన పెద్దమనిషి పేరు ఉన్నట్టుగా పడుతుంది. పొట్టి దీవెనలో పేర్లు లేకపోవడం, రాసినవాడు తన హద్దు ఎరిగి రాశాడనడానికి గుర్తు.

ఇప్పుడు మనం వాడే మాటల వరస ఇంత గట్టిగా స్థిరపడింది మాత్రం తంతి కాలంలోనే. వాడి జంక్షన్ నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. రైలు ఉద్యోగం, తపాలా ఉద్యోగం, కచేరీ ఉద్యోగం అంటే బదిలీలు. కలిసి పనిచేసిన మనిషి ఇంట్లో పెండ్లి అయ్యే నాటికి తాను మరో ఊళ్లో ఉండడం మామూలైంది. తంతి ద్వారా శుభాకాంక్షలు పంపడానికి తపాలా తంతి శాఖ కొన్ని వాక్యాలు ముందే రాసి, ఒక్కోదానికి ఒక్కో అంకె వేసి జాబితాగా పెట్టింది. దీపావళికి ఒకటి, కొత్త సంవత్సరానికి ఒకటి, పరీక్ష పాసైనందుకు ఒకటి, పెండ్లికి ఒకటి రెండు. పంపేవాడు ఫారం మీద చిరునామా, ఆ అంకె, తన పేరు రాసి ఇచ్చేవాడు. వాక్యం మొత్తం తీగల మీద పోయేది కాదు, అంకె ఒక్కటే పోయేది. అవతలి ఆఫీసులో గుమాస్తా ఆ అంకెను చూసి దానికి తగిన వాక్యాన్ని బొమ్మలున్న కాగితం మీద ఎక్కించి జవానుకు ఇచ్చేవాడు. మాటల లెక్కన డబ్బు కట్టే పద్ధతిలో ఇది పంపేవాడికి చవక, పంపే గుమాస్తాకు శ్రమ తక్కువ. అంకె ఒకటి తారుమారైతే పెండ్లివారింటికి పండుగ శుభాకాంక్షలు చేరతాయన్న చిక్కు మాత్రం ఉండేది. పెండ్లికని ఇంగ్లీషులో ఉన్న వాక్యాల్లో ఒకటి కొత్త దంపతుల మీద స్వర్గపు మేలైన ఆశీస్సులు కురవాలని కోరేది. పందిట్లో మైకు పట్టుకొని టెలిగ్రాంలు వరసగా చదివి వినిపించేవాళ్లు. నాలుగు టెలిగ్రాంలలో ఒకే వాక్యం వచ్చినా నాలుగుసార్లూ చదివేవాళ్లు. ఎందుకంటే వినేవాళ్లకు అక్కడ కావలసింది పంపిన మనిషి పేరు, ఊరు. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. ఆ వాక్యాల కట్టుబాటు మాత్రం ఫోన్‌లోకి చెక్కుచెదరకుండా వచ్చి చేరింది.

ఇక్కడే బలమైన అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని తేలికగా తోసెయ్యను. దారిపక్క ఊరివాడు పని మానుకొని వచ్చి నిలబడ్డాడు. అక్షింతలు వేసినవాడు బస్సెక్కి పందిరి దాకా వచ్చాడు. టెలిగ్రాం పంపినవాడు కనీసం వరసలో నిలబడి డబ్బు కట్టాడు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన సందేశాన్ని ఒక వేలితో తీసుకొని కింద అతికించినవాడు ఏమి ఖర్చుపెట్టాడు? నిజమే, ఏమీ పెట్టలేదు. నా ఉద్దేశంలో లోపం ఆ వాక్యంలో లేదు, దాన్ని పంపే చోటులో ఉంది. టెలిగ్రాం పెండ్లి ఇంటి చిరునామాకు పోయేది, ముహూర్తానికి ముందే చేరాలన్న తొందర ఉండేది. గ్రూపులో పెట్టే దీవెన తోటి ఉద్యోగులు చూడడానికే మిగిలిపోతుంది. వధూవరులు ఆ గ్రూపులో ఉండనే ఉండరు. అదే పొట్టి వాక్యాన్ని పెండ్లి నాటి పొద్దున పిల్ల తండ్రి ఫోన్‌కు విడిగా, కింద తన పేరు, ఆఫీసు రాసి పంపితే దానికి టెలిగ్రాం గుణం చాలావరకు తిరిగివస్తుంది.

ఈ ప్రాంతంలో దీవెనకు మరో వైపు కూడా ఉంది. తాండూరు కర్ణాటక సరిహద్దు పట్టణం, తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే బజారులో వినబడతాయి. సహోద్యోగి ఇంట్లో జరిగేది నికా కూడా కావచ్చు. షాదీ ముబారక్ అంటే సరిపోతుంది. కానీ ముస్లింలలో నికా తరువాత చెప్పే దుఆకు ఉన్న చరిత్ర మన విషయానికి బాగా కలిసివస్తుంది. ఇస్లాంకు ముందు అరబ్బులు పెండ్లిలో పొందిక కలగాలి, కొడుకులు కలగాలి అని దీవించేవారు. ప్రవక్త అల్లుడు అలీకి అన్నయైన అఖీల్ పెండ్లికి వచ్చినవాళ్లు అలాగే అంటే, ఆయన అలా అనవద్దని చెప్పి ప్రవక్త నేర్పిన తీరున అనమన్నాడని హదీసుల్లో ఉంది. అల్లాహ్ మీకు మేలు కలిగించుగాక అన్నది ఆ మాటల సారం. కొడుకుల ప్రస్తావన తీసేశారు, మేలు ఒక్కటే మిగిల్చారు. ఎక్కడో ఏ సంబంధమూ లేకుండా పుట్టిన రెండు సంప్రదాయాలు వచ్చినవాళ్ల నోట పెట్టవలసిన మాట విషయంలో ఒకే చోటికి చేరాయి. శీఘ్రమే సుపుత్ర ప్రాప్తిరస్తు అని మన పెద్దలు అనే దీవెన ఆఫీసు మనిషి నోట ఎందుకు ఎబ్బెట్టుగా వినిపిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

చివరిగా వయసు మాట. దీవించేది పెద్దలు కదా, పెండ్లి చేసుకుంటున్న సీనియర్ అసిస్టెంటును నిన్నగాక మొన్న చేరిన ఇరవై మూడేళ్ల కుర్రాడు ఎలా దీవిస్తాడు? ఈ సంకోచం న్యాయమైనదే. దీర్ఘసుమంగళీభవ అని అతడు అనలేడు, అనకూడదు. టెలిగ్రాం వాక్యం ఈ చిక్కును నేర్పుగా దాటింది, దీవించే పనిని స్వర్గానికి అప్పజెప్పి పంపేవాణ్ణి కోరుకునేవాడిగా నిలబెట్టింది. తెలుగులో కూడా దారి అదే. ఆ కుర్రాడు ఇలా రాయవచ్చు: సార్, మీ ఇద్దరికీ వివాహ శుభాకాంక్షలు. అనంతగిరి పద్మనాభస్వామి దయవల్ల మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలని కోరుకుంటున్నాను. అదే పెండ్లికి రిటైర్మెంటుకు దగ్గరపడిన సూపరింటెండెంటు రాస్తే 'కోరుకుంటున్నాను' అక్కర్లేదు, 'చల్లగా ఉండండి' అని నేరుగా అనేయవచ్చు. ఇద్దరికీ పెండ్లికూతురు ఎవరో తెలియదు. ఇద్దరూ తమ వరస తప్పకుండానే పిలిచినవాళ్లు అడిగింది ఇచ్చారు.