మీటరు చెప్పని వేడి

1920ల నుంచి గుంటూరు, ప్రకాశం పల్లెల్లో వర్జీనియా పొగాకు బ్యారన్లు లేచాయి. కట్టెల మంటతో రేకు గొట్టాలు వేడెక్కుతాయి, గదిలో ఒక థర్మామీటరు వేలాడుతుంది. ఆకు పండే దశలో ముప్పై అయిదు డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఈనె ఆరే దశకు డెబ్బై దాకా కొన్ని రోజుల మీద మెల్లగా ఎక్కిస్తారు. గంటకు ఒక డిగ్రీ చొప్పున పెరిగే గదిలో ఆ థర్మామీటరు ఆరు నిమిషాలు వెనకబడినా తప్పు డిగ్రీలో పదో వంతే. క్యూరింగ్ చేసే మనిషికి ఆ తప్పు తెలియలేదంటే తెలియాల్సిన అవసరం లేకపోయింది.

ఈ వెనకబాటు సంగతి బ్యారన్ల కంటే పాతది. వేడి వస్తువు చల్లారే వేగం చుట్టూ ఉన్న గాలితో దానికున్న తేడాను బట్టి ఉంటుందని న్యూటన్ 1701లోనే రాశాడు. రెండు లోహాల అతుకుల మధ్య వేడి తేడా ఉంటే విద్యుత్తు పుట్టే ధర్మాన్ని జర్మనీలో సీబెక్ 1821లో గమనించాడు. ప్లాటినం తీగలతో ఫ్రాన్స్‌లో లె షాటెలియే 1886 ప్రాంతంలో దాన్ని నమ్మదగిన కొలత పరికరం చేశాడు. థర్మోకపుల్ తన అతుకు వేడినే చెబుతుంది, గాలి వేడిని కాదు. ఆ రెండింటి మధ్య తొడుగు, తీగ, వాటి బరువు అడ్డుంటాయి. అమెరికా ప్రమాణాల సంస్థలో పనిచేసిన హార్పర్ 1912లో ఈ ఆలస్యం మీదే ఒక పెద్ద పత్రం ప్రచురించాడు. అందులోని అసలు విషయం ఒక్క వరుసలో పడుతుంది:

నిజమైన వేడి = మీటరు రీడింగు + τ × రీడింగు పెరిగే వేగం

τ అంటే టైమ్ కాన్‌స్టెంట్. గాలి వేడి ఒక్కసారిగా మారితే, ఆ మార్పులో 63 శాతాన్ని మీటరు చూపడానికి పట్టే సమయం.

ఇప్పుడు బ్యారన్ వదిలి, మిర్చి ఆరబెట్టే వేడిగాలి డ్రయ్యర్‌కు వద్దాం. కల్లంలో ఎండకు రోజుల తరబడి ఆరే కాయను ఇక్కడ గంటల్లో ఆరబెడతారు. ఫ్యాను, హీటరు ఉన్న గొట్టంలో గాలి వేడి సెకన్లలో మారిపోతుంది. అదే గొట్టంలో ఆరు మిల్లీమీటర్ల తొడుగున్న థర్మోకపుల్‌కు τ నిమిషం పైనే ఉండొచ్చు. బ్యారన్‌లో గది నెమ్మది, ఇక్కడ కొలిచేదే నెమ్మది.

ఒక ఊహా డ్రయ్యర్‌కు లెక్క వేద్దాం. గాలి 30 డిగ్రీల దగ్గర ఉంది, కావలసింది 60. τ 60 సెకన్లు. మీటరు ముల్లు ఎక్కడా దాటకుండా, మెత్తగా పైకి వెళ్లి 60 దగ్గర ఆగేలా కంట్రోలర్‌ను సర్దారు. అర నిమిషంలో రీడింగు 49కి, నిమిషానికి 56కి చేరుతుంది. చార్టు చూస్తే ముచ్చటేస్తుంది. పై సూత్రంలో వేసి చూడండి: అర నిమిషం దగ్గర అసలు గాలి 71, నిమిషం దగ్గర 64. మొదటి క్షణాల్లో, హీటరుకు ఆ సత్తువ ఉంటే, 90 దాకా వెళ్లి ఉంటుంది. మీటరు 30 నుంచి ఎక్కుతున్నంత సేపూ గాలి 90 వైపు నుంచి దిగుతూ వచ్చింది. గాలి ఎదురుగా ఉన్న పై ట్రే కాయలు నల్లబడితే, చార్టు పట్టుకున్నవాడు సరుకు మీదే తప్పు వేస్తాడు.

ఊగిసలాట సంగతి ఇంకా దారుణం. గాలి నిమిషానికి ఒకసారి 45కీ 75కీ మధ్య ఊగుతుంటే, ఈ థర్మోకపుల్ సుమారు 57.6 నుంచి 62.4 వరకే చూపుతుంది. అదీ పదమూడు సెకన్లకు పైగా ఆలస్యంగా. టేలర్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు చెందిన జీగ్లర్, నికొల్స్ 1942లో ఇచ్చిన సర్దుబాటు పద్ధతి మీటరు మీద కనిపించే ఊపునే ఆధారంగా తీసుకుంటుంది. ఆలస్యాల మీద వాళ్లే మరుసటి ఏడాది విడిగా మరో పత్రం రాశారు. నా దృష్టిలో, మొదటి పత్రంతో పాటు రెండోదీ చదివితేనే ఆ పద్ధతిని వాడాలి.

సూత్రం ఉంది కదా, లెక్కతోనే సరిచేసుకోవచ్చు కదా? విమాన ఇంజన్ల కోసం అమెరికాలో షెపర్డ్, వార్షావ్‌స్కీ 1952లో ఆ పనే విద్యుత్ సర్క్యూట్లతో చేసి చూపారు. చిక్కు రెండు చోట్ల ఉంది. రీడింగు పెరిగే వేగాన్ని τతో గుణించినప్పుడు తీగల్లోని చిల్లర కదలికలు కూడా అంతే పెద్దవవుతాయి. పైగా τ స్థిరం కాదు: ఫ్యాను వేగం తగ్గితే పెరుగుతుంది, తొడుగు మీద మిరప దుమ్ము పేరుకుంటే ఇంకా పెరుగుతుంది.

అందుకే మొదట చేయాల్సింది పాత థర్మోకపుల్ పక్కన అర మిల్లీమీటరు తీగతో తొడుగు లేని మరొకదాన్ని పెట్టడం. గొట్టంలో సెకనుకు అయిదు మీటర్ల గాలి వీస్తుంటే దాని τ రెండు మూడు సెకన్లే. హీటరు వేడిని అది సూటిగా చూడకుండా చిన్న రేకు అడ్డం ఉండాలి. కంట్రోల్ పాతదానితోనే నడుస్తుండగా రెండింటినీ కలిపి రికార్డు చేయాలి. కొత్తదాన్ని తొందరపడి కంట్రోలర్‌కు కలిపితే ఊపు మొదలవుతుంది, ఎందుకంటే పాత గెయిన్ ఆ నిమిషం ఆలస్యాన్ని లెక్కలో పెట్టుకుని సర్దినది. గెయిన్ తగ్గించి మళ్లీ మొదటి నుంచి సర్దాలి. రికార్డులో మాత్రం సన్న తీగ గీత మొదటి రోజే గజిబిజిగా కనిపిస్తుంది, కొత్త పరికరం చెడిందని దాన్ని పీకేసే ఆపరేటర్లూ ఉంటారు. గాలి మాత్రం నిన్నటిలాగే ఊగుతోంది.