టైరు ఎప్పుడు తయారైందో నాలుగంకెల్లో చూసుకోండి

ట్రాక్టరు టైరు కొనేటప్పుడు మన రైతులు ధర, కంపెనీ, బటన్ల లోతు చూస్తారు. తయారైన తేదీ మాత్రం చూడరు. రావివలసలో ఒక రైతు 2024 జూన్‌లో ముందు చక్రాలకు 6.00-16 సైజు టైర్లు రెండు కొన్నారు. ఆర్నెల్లు తిరక్కుండానే పక్క గోడల మీద సన్నని పగుళ్లు వచ్చాయి. బటన్లు చూస్తే కొత్తవే. టైరు పక్కన మట్టి తుడిచి చూస్తే 2319 అని ఉంది.

ఇందులో మొదటి రెండంకెలు వారం, చివరి రెండంకెలు సంవత్సరం. అంటే 2019లో 23వ వారం. పదమూడు వారాలు మూడు నెలలని లెక్క వేసుకుంటే 26వ వారం జూన్ నెలాఖరు, కాబట్టి 23వ వారం జూన్ మొదట్లో. ఆ రైతు కొత్తవని కొన్న టైర్లకు అప్పటికే అయిదేళ్లు నిండాయి.

ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. బయట కనిపించకపోతే లోపలి పక్క చూడాలి. డీఓటీ అనే ఇంగ్లీషు అక్షరాలుంటే, ఆ వరుసలో చివరి నాలుగంకెలే తేదీ. కొన్నింటికి ఆ అక్షరాలు ఉండవు, కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలే ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, సుద్దముక్క రుద్ది, ఫోను లైటు పక్కనుంచి వేస్తే అంకెలు తేలి కనిపిస్తాయి. మొదటి రెండంకెలు 53 దాటితే అది తేదీ కాదు, వేరే నంబరు. సైజు అంకెలను చూసి కూడా పొరబడవద్దు. మూడంకెలే ఉంటే 2000కి ముందు తయారైన టైరు. పాత ట్రాలీ బేరంలో అలాంటిది కనిపిస్తే, బటన్లు ఎంత ఉన్నా ఆ టైరుకు విలువ కట్టకండి.

చిన్న రైతు ట్రాక్టరు ఏడాదిలో తిరిగేది కొన్ని నెలలే. అందుకే బటన్లు అరగకముందే రబ్బరు ముసలిదవుతుంది. ఎండ, గాలి తగిలి రబ్బరు గట్టిపడి, గోడ వంగేచోట చిట్లుతుంది. కొబ్బరికాయల లోడుతో ఉన్న ట్రాలీకి రోడ్డు మీద టైరు పేలేది అలాంటి చోటే. కారు టైర్ల కంపెనీలు చాలావరకు అయిదేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లకు మార్చేయమని చెబుతాయి. పొలం టైర్లకూ నేను ఇదే లెక్క చెబుతాను. అయితే నీడలో, చల్లగా నిలవ ఉంచిన టైరుకు, దుకాణం ముందు ఎండలో పడి ఉన్న టైరుకు తేడా ఉంటుంది. ఏడాదిలోపుదైతే కొత్తదనే అనుకోవచ్చు.

ఇంకొక మెలిక ఉంది. పాత టైరుకు పైన కొత్త రబ్బరు ఎక్కించి అమ్ముతారు. పక్కనున్న అంకెలు ఆ లోపలి పాత టైరువే. బటన్లు నిన్నటివైనా, బరువు మోసే గోడ వయసు ఆ అంకెలు చెప్పినంత.

కొనేటప్పుడు టైరు బిగించక ముందే ఆ అంకెలు చూసి, బిల్లు మీద రాయించుకోండి. రెండు టైర్లు కొంటే రెండింటివీ విడివిడిగా చూడండి, జతలో ఒకటి పాతది కలిసి రావచ్చు. రావివలస రైతు బిల్లులో సైజు, ధర తప్ప ఏమీ లేవు. దుకాణదారు, "ఈ టైర్లు మావేనని ఏమిటి నమ్మకం?" అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేకపోయింది.