రజస్వల తర్వాత తొలి ఏళ్లలో నెలసరి క్రమం తప్పడం: అండం విడుదల కాని చక్రాల పాత్ర

రజస్వల అయిన తొలి ఏడాదిలో వచ్చే నెలసరుల్లో ఎక్కువ భాగం అండం విడుదల కాకుండానే వస్తాయి. గర్భాశయం లోపలి పొర పెరగడానికి ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలు. ఆ ఈస్ట్రోజెన్ తగ్గితే పొర ఊడి రక్తస్రావం అవుతుంది. కాబట్టి రక్తం కనిపించినంత మాత్రాన అండాశయం నుంచి అండం వెలువడిందని చెప్పలేం. నెలసరి లెక్క ప్రకారం రావాలంటే మాత్రం అండం విడుదల తప్పనిసరి. తొలి ఏళ్లలో ప్రధానంగా కుదురుకోనిది ఈ అంశమే.

మెదడులోని హైపోథాలమస్ ప్రేరణతో పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే హార్మోన్లను విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో అండాశయంలోని పుటికలు పెరిగి ఈస్ట్రోజెన్ తయారుచేస్తాయి. మామూలుగా ఈస్ట్రోజెన్ పెరిగితే పిట్యూటరీ తన స్రావాన్ని తగ్గిస్తుంది. ఈ అదుపు చిన్నతనం నుంచే ఉంటుంది. అయితే అండం విడుదల కావాలంటే ప్రతి చక్రంలోనూ ఒకసారి ఈ సంబంధం తిరగబడాలి. ఒక పుటిక బాగా ఎదిగి, రక్తంలో ఈస్ట్రడయోల్‌ను మిల్లీలీటరుకు సుమారు 200 పికోగ్రాములకు పైగా దాదాపు రెండు రోజుల పాటు నిలిపి ఉంచితే, పిట్యూటరీ స్రావాన్ని తగ్గించడానికి బదులు ఒక్కసారిగా ఎల్‌హెచ్‌ను గుమ్మరిస్తుంది. ఆ ఉప్పెన మొదలైన ఒకటిన్నర రోజుకు అండం బయటపడుతుంది. యవ్వన దశలో అన్నిటికంటే ఆలస్యంగా పరిపక్వమయ్యేది ఈ తిరగబడే స్పందనే.

పన్నెండున్నరేళ్లకు రజస్వల అయిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. రెండో నెలసరి 52 రోజులకు వచ్చి పది రోజులు సాగింది. ఆ తర్వాతది 24 రోజులకే వచ్చింది. మొదటి విరామంలో ఒక పుటిక కొంత ఎదిగి, ఎల్‌హెచ్ ఉప్పెన రాకముందే కుంగిపోయి ఉండవచ్చు. దాని వెంట మరొకటి మొదలైంది. ఈస్ట్రోజెన్ పూర్తిగా పడిపోలేదు గనుక పొర మందమవుతూనే పోయింది. చివరికి దానికి ఆధారం చాలక, ఒకచోట ఊడుతూ మరోచోట నిలుస్తూ రోజుల తరబడి స్రావం సాగింది. తర్వాతి విడతలో పుటిక త్వరగానే కుంగింది, ఈస్ట్రోజెన్ తగ్గింది, నెలసరి ముందే వచ్చింది.

అండం విడుదలైన చక్రంలో ఇలా జరగదు. ఖాళీ అయిన పుటిక కార్పస్ ల్యూటియంగా మారి సుమారు రెండు వారాలు ప్రొజెస్టరాన్ ఇస్తుంది. అది పొర పెరుగుదలను ఆపి, దాన్ని స్థిరపరుస్తుంది. రెండు వారాలు నిండగానే ప్రొజెస్టరాన్ పడిపోయి పొర అంతా ఒకేసారి ఊడుతుంది. నెలసరికి తేదీని ఖరారు చేసేది ఈ రెండు వారాలే. కుదురుకునే దశలో అండం విడుదలైనా ప్రొజెస్టరాన్ చాలినంత రోజులు నిలవని చక్రాలు కూడా కొన్ని వస్తాయి. మరో విశేషం కూడా ఉంది: అండం లేని నెలసరిలో కడుపునొప్పి తరచుగా తక్కువే. ఏడాది రెండేళ్ల తర్వాత కొత్తగా నొప్పి మొదలైతే తల్లులు కంగారుపడతారు గాని, చాలామందిలో అది అండం విడుదల మొదలైందనడానికి గుర్తు. ఇక నెలసరి సక్రమంగా లేదు కాబట్టి గర్భం రాదనుకోవడం పొరపాటు. ఏ చక్రంలో అండం వస్తుందో ముందుగా తెలియదు.

కుదురుకోవడానికి పట్టే కాలం అందరికీ ఒకటి కాదు. ఫిన్లాండులో ఆప్టర్, విహ్కో 1983లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 12 ఏళ్ల లోపు రజస్వల అయినవారిలో సగం చక్రాల్లో అండం విడుదల కావడానికి ఏడాది పట్టింది. 12, 13 ఏళ్ల మధ్య అయినవారికి మూడేళ్లు, 13 దాటాక అయినవారికి నాలుగున్నరేళ్లు పట్టింది. ఆలస్యంగా మొదలైనవారికి కుదురుకోవడం కూడా ఆలస్యమేనన్నమాట.

అలాగని ప్రతి తేడానూ వయసు మీదికి నెట్టకూడదు. తొలి ఏడాది దాటాక 21 నుంచి 45 రోజుల విరామం మామూలే. మూడేళ్లు దాటాక పై హద్దు 35 రోజులకు వస్తుంది. తొలి ఏడాది తర్వాత ఒక్కసారైనా విరామం 90 రోజులు మించితే థైరాయిడ్ లోపం, బాగా బరువు తగ్గడం, తిండికి మించిన వ్యాయామం వంటి కారణాలు వెతకాలి. గంట, రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, స్రావం ఏడు రోజులు దాటుతున్నా రక్తహీనతతో పాటు, రక్తం గడ్డకట్టడంలో లోపాన్ని కూడా పరీక్షించాలి. వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి మొదట బయటపడేది చాలాసార్లు ఇలాగే.

మరోవైపు, స్కానింగ్‌లో చిన్న పుటికలు ఎక్కువగా కనిపించగానే పీసీఓడీ అని తేల్చేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఈ వయసులో అలాంటి అండాశయాలు ఆరోగ్యవంతులైన అమ్మాయిల్లోనూ కనిపిస్తాయి. అందుకే ఈ వయసువారిలో స్కానింగ్ ఆధారంగా ఆ నిర్ధారణ చేయవద్దని 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. యుక్తవయసులో నెలసరి తేడాతో పాటు అవాంఛిత రోమాలు, తీవ్రమైన మొటిమలు, లేదా రక్తపరీక్షలో పురుష హార్మోన్ల ఆధిక్యం ఉంటేనే ఆ నిర్ధారణకు ఆధారం దొరుకుతుంది. అవి లేనప్పుడు నెలసరి తేదీలు రాసుకుంటూ, కొంతకాలం తర్వాత మళ్లీ చూడటమే సరైన పద్ధతి.