కాప్లన్-మేయర్ మనుగడ రేఖ

క్లినికల్ ట్రయల్ పత్రాల్లో, కాలం గడిచేకొద్దీ ఎంత శాతం మంది బతికి ఉన్నారో చూపే మెట్ల రేఖ ఇది. ఎడ్వర్డ్ కాప్లన్, పాల్ మేయర్ ఈ పద్ధతిని 1958లో ప్రచురించారు. మరణం నమోదైనప్పుడే రేఖ మెట్టు దిగుతుంది.

రేఖ మీది చిన్న నిలువు గీతలు మరణాలు కావు. అవి సెన్సారింగ్ గుర్తులు: ఆ రోగి సమాచారం అక్కడితో ఆగిందని అర్థం. పదిమందిలో ఒకరు మూడో నెలలో మరణిస్తే రేఖ 90 శాతానికి దిగుతుంది. తర్వాత నలుగురు సెన్సార్ అయితే రేఖ కదలదు, కానీ లెక్కలో మిగిలేది ఐదుగురే. ఇప్పుడు ఒక్కరు పోయినా ఐదో వంతు తగ్గి 72 శాతం అవుతుంది. అందుకే కుడి చివరి పెద్ద మెట్లను నమ్మేముందు, బొమ్మ కింద ఇచ్చే మిగిలిన రోగుల సంఖ్య చూడాలి. జబ్బు ముదిరినవారే ఎక్కువగా తప్పుకుంటే రేఖ నిజం కంటే మెరుగ్గా కనిపిస్తుంది.

రెండు చికిత్సలను పోల్చేటప్పుడు, వాటి రేఖల మధ్య ఎడం ఎప్పుడు మొదలైందనేది కూడా ముఖ్యమే. 2009లో వెలువడిన ఐపాస్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ట్రయల్‌లో జెఫిటినిబ్, కీమోథెరపీ రేఖలు ఒకదాన్నొకటి దాటాయి. అక్కడ కొలిచింది మరణంతో పాటు జబ్బు ముదరడాన్ని కూడా. మధ్యస్థ కాలాలు దాదాపు సమానం: వరుసగా 5.7, 5.8 నెలలు. ఏడాదికి మాత్రం జబ్బు ముదరకుండా బతికి ఉన్నవారు వరుసగా 24.9, 6.7 శాతం. ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉన్నవారికి జెఫిటినిబ్, లేనివారికి కీమోథెరపీ మేలు చేశాయి.