ప్రాసిక్యూటర్ హేత్వాభాస

నేర విచారణల్లో సంభావ్యతను తలకిందులుగా చదవడం వల్ల జరిగే తర్కదోషం ప్రాసిక్యూటర్ హేత్వాభాస. ముద్దాయి నిర్దోషి అయితే ఇలాంటి సాక్ష్యం కనబడే అవకాశం ఎంత అన్నది ఒక ప్రశ్న. ఇలాంటి సాక్ష్యం కనబడింది కాబట్టి ముద్దాయి నిర్దోషి అయ్యే అవకాశం ఎంత అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండో ప్రశ్నకు జవాబుగా చూపడమే ఈ దోషం. ఆవుకు నాలుగు కాళ్లుంటాయని, నాలుగు కాళ్లున్న ప్రతిదీ ఆవు కాదని అందరికీ తెలుసు. కానీ అదే విషయం లక్షలూ కోట్లూ ఉన్న అంకెలుగా, నిపుణుడి నోట వచ్చినప్పుడు న్యాయమూర్తులు సైతం తడబడ్డారు.

పేరు రాకముందు

1964లో లాస్ ఏంజెలెస్‌లో ఒక వృద్ధురాలి పర్సు దోచుకున్న కేసులో కాలిన్స్ దంపతులు ముద్దాయిలు. పోనీటెయిల్ వేసుకున్న బంగారు జుట్టు యువతి, గడ్డం మీసాలున్న నల్లజాతి పురుషుడు, పసుపు రంగు కారు: సాక్షులు చెప్పిన గుర్తులివి. ప్రాసిక్యూటర్ ఒక్కో గుర్తుకూ ఒక్కో సంభావ్యతను ఊహించి, వాటన్నింటినీ గుణించి, ఇలాంటి జంట 1.2 కోట్లలో ఒకటే ఉంటుందని జ్యూరీకి చెప్పాడు. 1968లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. ఆ అంకెలకు ఆధారం లేదని, గడ్డం, మీసం ఒకదానితో ఒకటి సంబంధం లేని గుర్తులు కావని కోర్టు ఎత్తిచూపింది. అంతటితో ఆగకుండా, 1.2 కోట్లలో ఒకటి అన్న అంకెను ఒప్పుకున్నా, అవే గుర్తులున్న జంట ఆ ప్రాంతంలో మరొకటి ఉండే అవకాశం 40 శాతానికి పైనే అని తీర్పు అనుబంధంలో లెక్క కట్టి చూపింది. గుర్తులు అరుదైనవే కావచ్చు, అంతమాత్రాన దొరికిన జంటే దోషి అని తేలదు.

ఈ పొరపాటుకు పేరు పెట్టింది విలియం థాంప్సన్, ఎడ్వర్డ్ షూమన్. 1987లో ప్రచురించిన పరిశోధన పత్రంలో వారు దీనితోపాటు దీనికి జంట దోషాన్ని కూడా వివరించారు. అది డిఫెన్స్ లాయర్ హేత్వాభాస: ఈ గుర్తులున్నవారు ఇంకా ఎందరో ఉన్నారు కాబట్టి ఈ సాక్ష్యానికి విలువే లేదని వాదించడం.

డీఎన్‌ఏ కేసులు, 26 మంది లెక్క

డీఎన్‌ఏ పరీక్షలు కోర్టులకు చేరాక ఈ దోషం తరచుగా కనిపించసాగింది. మాంచెస్టర్‌కు చెందిన డీన్ కేసులో, నమూనా వేరొకరిది అయ్యే అవకాశం 30 లక్షల్లో ఒకటి అని నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. నిజానికి ఆ అంకె ఎవరో ఒక సంబంధం లేని మనిషి డీఎన్‌ఏ ఆ నమూనాతో సరిపోయే అవకాశం. గణాంక శాస్త్రజ్ఞుడు పీటర్ డానెలీ ఈ తేడాను విడమరచి చెప్పాక, 1993 చివరలో అప్పీలు కోర్టు శిక్షను రద్దు చేసి తిరిగి విచారణ జరపమంది.

1996లో డోహెనీ, ఆడమ్స్ అప్పీళ్లపై ఇచ్చిన తీర్పులో అదే కోర్టు ఈ విషయాన్ని సామాన్య పాఠకుడికి అందేలా వివరించింది. నేరస్థలంలోని మరకతో సరిపోయే డీఎన్‌ఏ 10 లక్షల మందిలో ఒకరికి ఉంటుందనుకుందాం. అప్పుడు బ్రిటన్‌లో అలాంటి పురుషులు సుమారు 26 మంది ఉంటారు. ముద్దాయి గురించి ఇంకేమీ తెలియకపోతే, డీఎన్‌ఏ మాత్రమే చెప్పగలిగేది అతడు ఆ 26 మందిలో ఒకడని. అంటే దోషి అయ్యే అవకాశం 26లో ఒకటి. మొదటి అంకెను తిరగేసి నిర్దోషి అయ్యే అవకాశం 10 లక్షల్లో ఒకటే అంటే ఎంత దూరం జరుగుతామో ఇక్కడ తెలుస్తుంది. నేరం జరిగిన వేళ అతడు దేశం మరో మూలన ఉన్నాడని గట్టి సాక్ష్యం ఉంటే ఆ 26లో ఒకటి ఇంకా తగ్గుతుంది. ఆ సమయంలో ఆ పరిసరాల్లోనే కనిపించాడని తేలితే, మిగతా 25 మందిలో చాలామంది లెక్కలోంచి తొలగిపోయి డీఎన్‌ఏ సాక్ష్యం చాలా బలపడుతుంది. అందుకే నిపుణుడు ఎందరికి ఆ గుర్తు ఉండవచ్చో చెప్పాలే తప్ప, మరక ముద్దాయిదేనా అన్న సంభావ్యతను చెప్పకూడదని కోర్టు నిర్దేశించింది.

శాలీ క్లార్క్ కేసు

ఈ తీర్పు వచ్చిన మూడేళ్లకే, డీఎన్‌ఏ ప్రసక్తి లేని ఒక కేసులో అదే పొరపాటు మళ్లీ తలెత్తింది. ఇంగ్లండ్‌లో సొలిసిటర్‌గా పనిచేసిన శాలీ క్లార్క్ మొదటి కొడుకు 1996 డిసెంబరులో 11 వారాల వయసులో, రెండో కొడుకు 1998 జనవరిలో 8 వారాల వయసులో చనిపోయారు. ఇద్దరినీ ఆమే చంపిందని అభియోగం మోపారు. చెస్టర్ క్రౌన్ కోర్టులో శిశువైద్య నిపుణుడు రాయ్ మెడో, పొగతాగేవారు లేని స్థితిమంతుల ఇంట్లో ఆకస్మిక శిశు మరణం 8,543లో ఒకటి అన్న అంకె తీసుకుని, దాన్ని దానితోనే గుణించాడు. ఇద్దరు పిల్లలూ అలా పోయే అవకాశం 7.3 కోట్లలో ఒకటి అని, అలాంటిది వందేళ్లకు ఒకసారి జరుగుతుందని చెప్పాడు. 1999 నవంబరులో జ్యూరీ 10–2 మెజారిటీతో ఆమెను దోషిగా తేల్చింది. యావజ్జీవ శిక్ష పడింది.

ఇందులో రెండు తప్పులు కలిసి ఉన్నాయి. మొదటిది గుణకారం. ఒక ఇంట్లో మొదటి బిడ్డ అలా పోతే, వంశపారంపర్య కారణాల వల్లనో పరిసరాల వల్లనో రెండో బిడ్డకు ఆ ముప్పు పెరిగి ఉండవచ్చు. కాబట్టి రెండు మరణాలనూ సంబంధం లేనివిగా గుణించడానికి వీల్లేదు. రెండోది ఈ హేత్వాభాస. 7.3 కోట్లలో ఒకటి నిజమే అనుకున్నా, అది ఒక కుటుంబంలో రెండు సహజ మరణాలు జరిగే అవకాశం. ఆమె నిర్దోషి అయ్యే అవకాశం కాదు. ఇద్దరు బిడ్డలు చనిపోయారన్నది అప్పటికే జరిగిపోయిన సంగతి. తేల్చవలసింది, ఆ మరణాలకు ఉన్న అరుదైన వివరణల్లో ఏది ఎక్కువ సాధ్యమన్నది. తల్లి తన ఇద్దరు పసిబిడ్డలను చంపడం కూడా అత్యంత అరుదు. ఆ రెండో అంకెను జ్యూరీ ముందు ఎవరూ ఉంచలేదు. తరువాత గణిత ఆచార్యుడు రే హిల్ ఈ పోలికను లెక్కించి, ఇద్దరు శిశువుల ఆకస్మిక మరణం ఇద్దరి హత్యకంటే కొన్ని రెట్లు ఎక్కువగా జరిగేదేనని అంచనా వేశాడు.

2000లో అప్పీలు కోర్టు అంకెలోని లోపాన్ని గుర్తించినా, జ్యూరీపై దాని ప్రభావం స్వల్పమేనంటూ శిక్షను నిలబెట్టింది. 2001 అక్టోబరులో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఆ లెక్కకు శాస్త్రీయ ఆధారం లేదని బహిరంగంగా ప్రకటించింది. రెండో బిడ్డ శరీరంలో బాక్టీరియా ఉన్నట్టు చూపే పరీక్షా ఫలితాలను డిఫెన్స్‌కు అందించలేదని బయటపడ్డాక, 2003 జనవరిలో ఆమె విడుదలైంది. గణాంకాల అంశాన్ని పూర్తిగా వాదించి ఉంటే అది కూడా అప్పీలును నెగ్గించే అవకాశమే ఎక్కువని ఆ తీర్పు పేర్కొంది. మూడేళ్లకు పైగా జైల్లో ఉన్న ఆమె 2007లో మరణించింది.

గుర్తించే తీరు, పరిమితి

ఈ దోషం సాధారణంగా ఒక్క వాక్యంలోనే దాగి ఉంటుంది. నిర్దోషి అయితే ఈ సాక్ష్యం కనబడటం అరుదు అని మొదలైన మాట, ఈ సాక్ష్యం ఉంది కాబట్టి నిర్దోషి కావడం అరుదు అని ముగిస్తే అక్కడ ఆగాలి. ఎంతమంది జనాభాలోంచి ఈ వ్యక్తిని ఎంచారు, దోషి అనే వివరణ దానంతటది ఎంత అరుదు అని అడగాలి. ఆ రెండూ తెలియకుండా ఒక ప్రశ్న జవాబు నుంచి రెండో ప్రశ్న జవాబుకు వెళ్లే దారి లేదు.

అయితే హేత్వాభాస బయటపడినంత మాత్రాన ముద్దాయి నిర్దోషి అని తేలదు. అమెరికాలోని నెవాడాకు చెందిన బ్రౌన్ కేసులో డీఎన్‌ఏ నిపుణురాలు 30 లక్షల్లో ఒకటి అన్న అంకెను ఇలాగే తిరగేసి చెప్పింది. 2010లో ఆ దేశ సుప్రీంకోర్టు దాన్ని ప్రాసిక్యూటర్ హేత్వాభాసగా పేరు పెట్టి వివరించింది. కానీ ఆ తప్పును పక్కనపెట్టినా మిగిలిన సాక్ష్యం జ్యూరీ నిర్ణయానికి సరిపోతుందని తేల్చింది. కూలిపోయేది ఆ అంకె మీద కట్టిన వాదన మాత్రమే. మిగతా సాక్ష్యాన్ని దాని బలాన్ని బట్టి మళ్లీ తూచవలసిందే.