టీకాల ఫ్రిజ్‌కు కాపలా ఎలా వచ్చింది

మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం 1985లో మొదలైంది. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ల కోసం ఆరోగ్య కేంద్రాల్లోకి ఐఎల్ఆర్ అనే పెట్టె వచ్చింది. లోపలి గోడల వెంట మంచు పొర ఉంటుంది. మూత పైన ఉంటుంది కాబట్టి, తీసినా బరువైన చల్లగాలి అడుగునే నిలుస్తుంది. రోజుకు 8 గంటలు కరెంటుంటే నెట్టుకొస్తుంది.

చాలాకాలం దానికి కాపలా ఒక థర్మామీటరే. ఉదయం, సాయంత్రం చూసి రిజిస్టరులో రాసేవారు. టీకాలను మామూలు ఫ్రిజ్‌లో పెట్టిన చోట ఏం జరగొచ్చో చూడండి. సాయంత్రం 5 డిగ్రీలని రాశారు. రాత్రి థర్మోస్టాట్ చెడి కంప్రెసర్ ఆగకుండా నడిచింది, లోపల సున్నా దాటి కిందికి పోయింది. తెల్లవారుజామున కరెంటు పోయింది. ఉదయం చూస్తే మళ్లీ 4 డిగ్రీలు! రిజిస్టరులో తప్పేమీ కనిపించదు. హెపటైటిస్-బి, డీపీటీ టీకాలు మాత్రం అప్పటికే గడ్డకట్టి కరిగి చెడిపోయాయి. వాటిలోని అల్యూమినియం లవణం ముద్దలు కడుతుంది. సీసాను కుదిపి నిలబెడితే మడ్డి త్వరగా దిగిపోతుంది. వేడికి చెడటమే అందరికీ గుర్తుంటుంది, నాకు చలి దెబ్బే ఎక్కువ భయం.

ఈ లోటు తీర్చినవి 30 రోజుల రికార్డర్లు. ఎంత వేడి, ఎంత చలి అన్నదానితో పాటు ఎంతసేపు అన్నదీ ఇవి గుర్తుపెట్టుకుంటాయి. 8 డిగ్రీలు దాటి వరసగా 10 గంటలు గడిచినా, మైనస్ 0.5 కన్నా కిందికి పోయి 60 నిమిషాలు ఉన్నా అలారం చూపిస్తాయి. అయితే ఆ అలారాన్ని చూడటానికి గదిలో మనిషి ఉండాలి. 2015లో వచ్చిన ఈవిన్ వ్యవస్థ సిమ్ కార్డున్న లాగర్లను పెట్టి, ఆ కబురును బాధ్యుల ఫోన్‌కు పంపడం మొదలుపెట్టింది. ఇలాంటి పరికరానికి సొంత బ్యాటరీ తప్పనిసరి. వైఫై మీద ఆధారపడితే కరెంటుతో పాటు రౌటరూ ఆగిపోయి, అసలు అవసరమైన వేళ కబురే రాదు.

గ్రాఫు చదవడం వస్తే కారణమూ దొరుకుతుంది. గీత చటుక్కున లేచి మూత పడగానే దిగితే అది తలుపు సంగతి. మూతకు అయస్కాంత స్విచ్ ఉంటే ఆ అనుమానమూ తీరుతుంది. కరెంటు లేక గీత నింపాదిగా పైకి పాకితే కోత. కరెంటు ఉండీ, మూత వేసి ఉండీ అలాగే పాకితే స్టెబిలైజర్‌ను, ఆ తర్వాత కంప్రెసర్‌ను చూడాలి.

మరమ్మతు వెంటనే కాకపోతే టీకాలను కోల్డ్ బాక్సులోకి మార్చాలి. ఐస్ ప్యాకులను ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెడితే అవే టీకాలను గడ్డకట్టిస్తాయి. వాటిని కాసేపు బయట ఉంచి, కుదిపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాకే సర్దాలి.