బ్యాటరీ మార్చుకోమంటున్నది ఎవరు?

విండోస్ 7 మార్కెట్లోకి వచ్చింది 2009 అక్టోబరులో. కొన్ని నెలలకే చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు పడడం, "Consider replacing your battery" అన్న వాక్యం కనబడడం మొదలైంది. నిన్నటిదాకా పాత విండోస్‌తో నడిచిన బ్యాటరీ కొత్తది వేయగానే పాడైందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. విండోసే బ్యాటరీని తినేసిందని గొడవ లేచింది. 2010 ఫిబ్రవరిలో విండోస్ విభాగం అధిపతి స్టీవెన్ సినాఫ్‌స్కీ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. బ్యాటరీలోని అంకెలను విండోస్ చదవగలదే గాని మార్చలేదు అన్నది ఆయన వాదన.

ఆ అంకెలు అందులోకి ఎలా వచ్చాయన్నది అంతకుముందు 15 ఏళ్ల కథ. తొలినాళ్ల ల్యాప్‌టాప్ వోల్టేజీని చూసి ఛార్జింగ్ ఎంతుందో ఊహించేది. నికెల్-కాడ్మియం బ్యాటరీ వోల్టేజీ మాత్రం దాదాపు చివరిదాకా ఒకే తీరుగా ఉండి, చటుక్కున పడిపోతుంది. కుళాయి ధార చూసి ట్యాంకులో నీళ్లెన్నో చెప్పమన్నట్టు ఉండేది ఆ పని. 1995లో డ్యూరాసెల్, ఇంటెల్ కలిసి 'స్మార్ట్ బ్యాటరీ' ప్రమాణాలను తెచ్చాయి. వాటి ప్రకారం బ్యాటరీ లోపలే ఒక చిప్పు ఉంటుంది. లోపలికి వచ్చిన కరెంటెంత, బయటికి పోయినదెంత అని పాలవాడి ఖాతాలా అది లెక్క రాసుకుంటుంది. తయారైన నాటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండుగా ఛార్జ్ అయితే పట్టేది ఎంత అన్న రెండు అంకెలూ అందులో ఉంటాయి. ఏడాది తర్వాత వచ్చిన ఏసీపీఐ ప్రమాణంతో ఈ అంకెలను ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అయినా ఒకే తీరుగా అడిగే వీలు కలిగింది.

అంటే ఆ లెక్క చాలాకాలంగా ఉన్నదే. విండోస్ 7 దాన్ని పైకి చదివింది, అంతే. రెండో అంకె మొదటి దానిలో 40 శాతానికి పడిపోతే ఎర్ర గుర్తు వేసింది. ఈ 40 ఎవరో గీసిన గీతే తప్ప రసాయన శాస్త్రం గీసింది కాదు. మ్యాక్‌లో ఇదే హెచ్చరిక "Service Recommended" అన్న మాటగా వస్తుంది. ఇతర కంపెనీల సొంత యాప్‌లు, బయాస్‌లు ఎవరి గీత వాళ్లు గీసుకుంటాయి.

మా మేనల్లుడి ల్యాప్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా బ్యాటరీ మార్చమని చెబుతోంటే, వాణ్ణి కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ ఒక్క లైను కొట్టమన్నాను. విండోస్ 8 నుంచి ఇది ఉంది.

```
powercfg /batteryreport
```

తయారైన battery-report.html ఫైలులో DESIGN CAPACITY 48,000 mWh, FULL CHARGE CAPACITY 18,700 mWh అని ఉంది. భాగిస్తే 39 శాతం. వాడి మెషిన్ సగటున 10 వాట్లు వాడుకుంటుందనుకుంటే, కొత్తలో దాదాపు 4 గంటల 48 నిమిషాలు రావాల్సింది ఇప్పుడు రెండు గంటలు కూడా రాదు.

వెంటనే కొనొద్దన్నాను. ఎప్పుడూ ఛార్జర్‌కు తగిలించి ఉంచే ల్యాప్‌టాప్‌లో, బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యే సందర్భమే రాదు. దాంతో చిప్పు ఖాతా తప్పుదారి పడుతుంది. దాన్ని సరిచేయాలంటే ముందు 80 శాతం పరిమితి లాంటిదేమైనా ఉంటే తీసేయాలి. నిండుగా ఛార్జ్ చేసి రెండు గంటలు అలాగే ఉంచాలి. తర్వాత ఛార్జర్ పీకేసి, పని సేవ్ చేసుకుని, స్లీప్ ఆపేసి, దానంతటదే ఆరిపోయేదాకా నడవనివ్వాలి. కొన్ని గంటలాగి మళ్లీ మధ్యలో తీయకుండా నింపాలి. దీంతో బాగుపడేది ఖాతా మాత్రమే, బ్యాటరీ కాదు.

ఆ తర్వాత రిపోర్టులో 20,100 వచ్చింది, అంటే 42 శాతం. విండోస్ 7 గీత ప్రకారం పాసైనట్టే! వాడు సంబరపడ్డాడు కానీ వచ్చేది మాత్రం ఆ రెండు గంటలే. అదే 31,000కు ఎగబాకి ఉంటే తప్పు లెక్కదేనని మార్చకుండా ఊరుకునేవాళ్లం. ఇంట్లో టేబుల్ మీదే వాడేవాడికి 42 శాతం కూడా సరిపోతుంది. వీడు కాలేజీకి పట్టుకెళ్తాడు కాబట్టి మార్చాల్సిందే.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్కలేవీ చూడకూడదు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. దాన్ని నొక్కడం, గుచ్చడం, ఛార్జింగ్ పెట్టడం ప్రమాదం. ఆపేసి సర్వీసు సెంటరుకు ఇవ్వాలి. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులది. చెత్తబుట్టలో వేయకూడదు.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది పార్టు నంబరే చూసుకోవాలి. బిగించి, ఒకసారి నింపి ఖాళీ చేశాక మళ్లీ అదే కమాండ్ కొట్టాలి. రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉండాలి, CYCLE COUNT సున్నాకు దరిదాపుల్లో ఉండాలి. మావాడికి మొదట వచ్చిన 'కొత్త' బ్యాటరీలో ఆ అంకె 212. తిప్పి పంపేశాం.